ప్రాజెక్ట్ బ్యాచ్‌లో గొడవ: ఎక్కడ పట్టుబట్టాలి, ఎక్కడ వదిలేయాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో సీఎస్ఈ ఫైనలియర్ చదువుతున్నాను. పత్తి ఆకు ఫోటో చూసి తెగులు ఏదో చెప్పే మొబైల్ యాప్ మా ప్రాజెక్ట్. బ్యాచ్‌లో నలుగురం. మోడల్ పని నేనూ నా ఫ్రెండూ చేస్తున్నాం. ఫ్రంటెండ్ తీసుకున్న అబ్బాయి నెల రోజులుగా ఏమీ చేయలేదు. అడిగితే 'చేస్తాలే' అంటాడు. మా లీడరేమో 'ఇది అయ్యే పని కాదు, అమీర్‌పేటలో కొనేద్దాం, తలా నాలుగు వేలు' అంటున్నాడు. నేను వద్దన్నందుకు గ్రూప్‌లో 'టాపర్ మేడమ్ గారు' అని వెక్కిరిస్తున్నాడు. మధ్యలో గైడ్ సార్ టైటిల్ మార్చమంటున్నారు. రెండో రివ్యూకి మూడు వారాలే ఉంది. గొడవలంటే నాకు టెన్షన్. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో ఒక టెస్ట్ పెడితే నాది 'అవాయిడింగ్' స్టైల్ అని వచ్చింది. ఇలాంటివాళ్లు ఉద్యోగంలో నెగ్గుకురాలేరా? హెచ్‌ఆర్ ఇంటర్వ్యూలో టీమ్ గొడవల గురించి అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: ముందు ఆ టెస్ట్ సంగతి చూద్దాం. మీకు పెట్టింది బహుశా 1974లో కెనెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ తయారుచేసిన ప్రశ్నావళి అయి ఉంటుంది, లేదంటే దాని నకలు. అందులో 30 జతల వాక్యాలుంటాయి. ప్రతి జతలో మీకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. చివరికి ఐదు పద్ధతుల్లో ఏది ఎక్కువగా వాడతారో తేలుతుంది: పట్టుబట్టడం, కలిసి దారి వెతకడం, చెరి కొంత తగ్గడం, తప్పుకోవడం, ఎదుటివాళ్ల మాటకు సర్దుకుపోవడం. మన మాట నెగ్గడం మనకెంత ముఖ్యం, ఎదుటి మనిషి అవసరం తీరడం ఎంత ముఖ్యం అన్న రెండు లెక్కల మీదే ఈ ఐదూ నడుస్తాయి. ఇందులో పాస్, ఫెయిల్ ఉండవు. మీకు అవాయిడింగ్, అంటే తప్పుకోవడం, వచ్చిందంటే ఇన్నాళ్లూ ఆ పద్ధతిని ఎక్కువగా వాడారని అర్థం, అంతే. ఆ మాటకొస్తే, టెస్ట్ రాసేటప్పుడు మీ మనసులో ఎవరున్నారన్నదాన్ని బట్టి కూడా జవాబు మారిపోతుంది. హెచ్‌ఓడీని తలుచుకుని రాస్తే అందరం తప్పుకునేవాళ్లమే. ఇంట్లో తమ్ముడిని తలుచుకుని రాస్తే పట్టుబట్టేవాళ్లం.

కాబట్టి 'నాది ఏ స్టైల్' అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లో నాకు నాలుగు వేర్వేరు తగాదాలు కనిపిస్తున్నాయి. అన్నీ ఒకే గ్రూప్‌లో, ఒకేసారి నడుస్తున్నాయి కాబట్టి మీకు ఒక పెద్ద గొడవలా అనిపిస్తోంది. నాలుగింటికీ నాలుగు రకాల మందు కావాలి.

ప్రాజెక్ట్ కొనే విషయంలో మాత్రం పట్టుబట్టాల్సిందే. ఎందుకంటే రిపోర్టు ముందు పేజీల్లో 'ఇది మేం స్వయంగా చేసిన పని' అనే డిక్లరేషన్ మీద మీరూ సంతకం పెట్టాలి. కొన్న కోడ్ పట్టుకుని వైవాకు వెళ్తే, ఎక్స్‌టర్నల్‌గా వచ్చినవారు 'ట్రైనింగ్‌కి ఎన్ని ఫోటోలు వాడారు, ఎక్కడ తీశారు, మోడల్ ఏ తెగులు దగ్గర ఎక్కువగా తడబడుతోంది' అని అడిగితే నలుగురూ నేల చూపులు చూడాలి. ఇలాంటిచోట అందరికీ నచ్చే మధ్యేమార్గం ఒకటి తప్పకుండా బయటికొస్తుంది: 'కోడ్ కొందాం, డాక్యుమెంటేషన్ మనమే రాద్దాం' అని. వినడానికి చెరి సగంలా ఉన్నా, సంతకం మాత్రం సగం పెట్టలేరు కదా. కొన్ని విషయాల్లో మధ్యేమార్గం ఉండదు, ఇది అలాంటిదే.

పట్టుబట్టడమంటే గొంతు పెంచడమని చాలామంది అనుకుంటారు, మీ టెన్షన్ కూడా అందుకే కావచ్చు. లీడర్‌ను విడిగా కలిసి, నెమ్మదిగా, ఒక్కసారే చెప్పండి. 'కొన్న ప్రాజెక్ట్ మీద నేను సంతకం పెట్టను. ఈ విషయంలో నా మాట మారదు. మూడు వారాల్లో అవ్వదేమోనన్న నీ భయం మాత్రం నిజమే, దానికి ఏం చేద్దామో ఇవాళే కూర్చుని తేల్చుకుందాం.' అంతకుమించి ఒక్క మాట కూడా వద్దు. 'నువ్వు బద్ధకిస్టువి', 'నీకు చదువు మీద శ్రద్ధ లేదు' లాంటివి కలిపితే అతను ప్రాజెక్ట్ వదిలేసి తన పరువు కాపాడుకునే పనిలో పడతాడు. గ్రూప్‌లో చెప్పొద్దన్నది కూడా అందుకే. నలుగురూ చూస్తుండగా ఎవరూ వెనక్కి తగ్గరు.

ఇంకో సంగతి. చేతిలో ఏదో ఒక బలం లేకుండా పట్టుబడితే అది ఉత్త బెదిరింపే అవుతుంది. మీకు రెండున్నాయి: సంతకం, మీ ఇద్దరూ ఇప్పటికే చేసిన మోడల్. అయినా అతను కొనడానికే సిద్ధపడితే రివ్యూ దాకా ఆగకుండా గైడ్‌ను కలిసి, 'మేం చేసిందే చూపిస్తాం, మమ్మల్ని దీని మీదే చూడండి సార్' అని చెప్పండి. వెళ్తున్నట్టు అతనికి ముందే చెప్పి వెళ్లండి. ఈ పద్ధతికి ఖర్చు ఉంది, ఆ స్నేహం కొన్నాళ్లు చెడొచ్చు. అందుకే దీన్ని ఒక్కచోటే వాడమంటున్నాను.

ఫ్రంటెండ్ అబ్బాయి విషయం పూర్తిగా వేరు. ఇక్కడ మీలాంటివాళ్లు చేసే పని నాకు తెలుసు. రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడానికి మొహమాటపడి, రాత్రి కూర్చుని అతని పని కూడా మీరే చేసేస్తారు. గొడవైతే తప్పుతుంది. కానీ వైవాలో అతను తన స్క్రీన్ గురించి చెప్పలేడు, మీకేమో కోపం లోపల అలాగే ఉండిపోతుంది. మరోవైపు పట్టుబడితే 'చేస్తాలే' అని ఇంకోసారి అంటాడు. మీకసలు అతను ఎందుకు చేయడం లేదో తెలియదు. కారణం తెలియనప్పుడు, ఎదుటి మనిషి పని మనకు అవసరమైనప్పుడు, కాస్త టైమ్ కూడా ఉన్నప్పుడు కూర్చుని కలిసి దారి వెతకడమే మేలు.

దీన్ని 1920లలోనే చక్కగా చెప్పినావిడ మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్. హార్వర్డ్ లైబ్రరీలో ఒక చిన్న గదిలో ఎవరో కిటికీ తీసి ఉంచాలన్నారు, ఆవిడ మూసి ఉంచాలన్నారు. చివరికి ఎవరూ లేని పక్క గది కిటికీ తెరిచారు. ఆయనకు కావాల్సింది గదిలోకి గాలి, ఆవిడకు వద్దన్నది నేరుగా మీదికొచ్చే ఉత్తరపు గాలి. కిటికీ దగ్గరే వాదించుకుని ఉంటే సగం తెరిచి ఇద్దరూ విసుక్కుంటూ కూర్చునేవారు.

మీరు కూడా 'ఎప్పుడు చేస్తావు' అన్న ప్రశ్న వదిలేసి, 'ఎక్కడ ఆగిపోయావు' అని అడగండి. క్యాంటీన్‌లో ఓ అరగంట, ఇద్దరే కూర్చోండి. 'నిన్ను నిలదీయడానికి రాలేదు. రివ్యూకి ఒక్క స్క్రీన్ అయినా నడవాలి. నువ్వు ఫోన్ యాప్ ఇంతకుముందు చేశావా?' అని మొదలుపెట్టి, ఆ తర్వాత మీరు మాట్లాడకండి. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోండి. సాధారణంగా బయటికొచ్చే కారణాలు మూడే: మొబైల్ యాప్ చేయడం రాదన్న సంగతి పనులు పంచుకునేటప్పుడు చెప్పలేకపోయాడు, లేదా బ్యాక్‌లాగ్స్ ఉండి వాటి పరీక్షల భయంలో ఉన్నాడు, లేదా లీడర్ ఎలాగూ కొంటాడు కదా అని ఆగాడు.

యాప్ చేయడం రాకపోతే, పని తగ్గించండి. మొబైల్ యాప్ బదులు ఫోటో అప్‌లోడ్ చేసే బటన్, కింద తెగులు పేరు చూపించే ఒక సాదా వెబ్ పేజీ చాలు. ఆరు తెగుళ్లు అనుకుని ఉంటే ఈ రివ్యూకి మూడింటితో ఆపండి. బ్యాక్‌లాగ్స్ అయితే, పరీక్షలయ్యేదాకా అతనికి ఫోటోలు వేరుచేసి పేర్లు పెట్టే పని, టెస్టింగ్ ఇచ్చి, పేజీని మీ ఫ్రెండ్ తీసుకోవచ్చు. ఏదైనా సరే, 'ఫలానా శుక్రవారం సాయంత్రానికి బటన్ నొక్కితే ఫోటో ఎక్కాలి' అన్నంత చిన్నదిగా ఒప్పుకోండి.

ఈ పద్ధతి పనిచేయడం లేదని ఎలా తెలుస్తుంది? అన్నింటికీ తలూపుతాడు, శుక్రవారం వచ్చేసరికి ఏమీ ఉండదు. ఒకసారికి ఊరుకోండి. రెండోసారి కూడా అలాగే అయితే ఇక దారి వెతకడం ఆపి గైడ్‌కు చెప్పండి. ఆరోపణలుగా కాకుండా, ఎవరు ఏం ఒప్పుకున్నారు, ఏ తేదీకి ఏం వచ్చింది అన్న చిన్న పట్టికగా చూపించండి. మీ కోడ్ గిట్‌లో ఉంటే ఎవరెన్నిసార్లు మార్పులు పెట్టారో ఇది చెబుతుంది:

```
git shortlog -sn
```

అయితే దీన్నే పట్టుకుని వాదించకండి. మీ ల్యాప్‌టాప్‌లో అతను కూర్చుని రాసింది మీ పేరుతోనే పడుతుంది, ఫోటోలు వేరుచేసిన శ్రమ అసలు కనిపించదు.

టైటిల్ విషయంలో సర్దుకుపోండి. గైడ్ మార్చమన్నది పేరు, మీ పనిని కాదు. మార్కులు వేసేదీ, పైన చెప్పిన రెండు సందర్భాల్లో మీ పక్షాన నిలబడాల్సిందీ ఆయనే.

ఇక గ్రూప్‌లో వెక్కిరింపులు. మీ అవాయిడింగ్ ఇక్కడ పనికొస్తుంది. చదివి వదిలేయండి, బదులుగా ఎమోజీ కూడా పెట్టకండి. అయితే తప్పుకోవడంలో రెండు రకాలున్నాయి. 'ఇప్పుడు కాదు, శనివారం ల్యాబ్ అయ్యాక మాట్లాడదాం' అన్నది వాయిదా. 'సర్లే చూద్దాం' అన్నది పారిపోవడం. వెక్కిరింపులకు రెండోది చాలు. కొనుగోలు విషయానికి మాత్రం ఆ రెండోది వాడారో, మీ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుని అడ్వాన్స్ కట్టేసి వస్తాడు. ఒకవేళ వెక్కిరింపు మీ చదువు దాటి మీ మీదికి, అమ్మాయి అన్నదాని మీదికి వస్తే అది వదిలేసే విషయం కాదు. స్క్రీన్‌షాట్ తీసి కాలేజీలో చెప్పండి.

హెచ్‌ఆర్ ప్రశ్నకు జవాబు ఈ మూడు వారాల్లో మీరే తయారుచేసుకోబోతున్నారు. 'నాకు గొడవలు పడవండీ, అందరితో కలిసిపోతాను' అంటే వాళ్లు రాసుకునేదేమీ ఉండదు. వాళ్లు వెంటనే 'అప్పుడు మీరేం చేశారు' అని అడుగుతారు. 'ఒక సభ్యుడి పని ఆగిపోయింది. విడిగా అడిగితే మొబైల్ యాప్ చేయడం రాదని తెలిసింది. దాన్ని వెబ్ పేజీగా మార్చుకున్నాం, రివ్యూకి నడిచింది' అన్నట్టుగా, జరిగింది జరిగినట్టు నిమిషంలో చెప్పండి. ఎవరి పేరూ ఎత్తొద్దు, లీడర్‌ను విలన్ చేయొద్దు. వినేవాళ్లు రేపు తమ గురించి కూడా బయట ఇలాగే చెబుతారేమో అనుకుంటారు.

ఒక్క వరుస మాత్రం తప్పకండి. ముందు ఫ్రంటెండ్ అబ్బాయితో కూర్చోండి, ఆ తర్వాతే లీడర్ దగ్గరికి వెళ్లండి. వెబ్ పేజీ, మూడు తెగుళ్లు అని తగ్గించిన పని కాగితం మీద చేతిలో ఉంటే 'ఇది అయ్యే పని కాదు' అన్న అతని వాదనలో సగం బలం అక్కడే పోతుంది. మీ ఫ్రెండ్‌ను కూడా వెంట తీసుకెళ్లండి, కానీ మాట మాత్రం మీరే మాట్లాడండి.