తాళం పగలగొట్టి పీఎస్5 ఎత్తుకెళ్ళారు, మా అకౌంట్ ఇంకా అందులోనే ఉంది. ఏం చేయాలి?

ప్రశ్న: పండక్కి ఊరెళ్ళి వచ్చేసరికి మియాపూర్‌లో మా ఫ్లాట్ తాళం పగిలి ఉంది. పీఎస్5 స్లిమ్ గేమింగ్ కన్సోల్ (డిస్క్ మోడల్), అదనంగా కొన్న కంట్రోలర్ పోయాయి. అట్టపెట్టె ఎప్పుడో పారేశాం, సీరియల్ నంబరు రాసుకోలేదు. ఫోన్ లాగా దీన్ని బ్లాక్ చేయించొచ్చా? స్టేషన్లో పిటిషన్ తీసుకుని పంపించేశారు. హోమ్ ఇన్సూరెన్స్ ఉంది, డబ్బులొస్తాయా?

జవాబు:

కొత్త తాళం ఇంకా వేయించకపోతే కాస్త ఆగండి. వేలిముద్రలు, ఆధారాలు సేకరించే పోలీసుల క్లూస్ టీమ్ వచ్చి చూసేదాకా పగిలిన తాళం, గడియ, తలుపు అంచు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. ఇప్పటికే మార్చేసి ఉంటే పాత తాళాన్ని ముట్టుకోకుండా ఒక కవర్లో వేసి పెట్టండి. దీని అవసరం ఇన్సూరెన్స్ దగ్గర తెలుస్తుంది.

కన్సోల్‌ను దూరం నుంచి బ్లాక్ చేయలేరు. పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్ పనిచేసేది ఐఎంఈఐ ఉన్న ఫోన్లకే. పీఎస్5లో సిమ్ లేదు, ఐఎంఈఐ లేదు. దొంగ సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి రీసెట్ చేసుకుంటే ఇంకొకరి అకౌంట్‌తో మామూలుగానే నడుస్తుంది. మీరు మూయగలిగింది మీ అకౌంట్‌ను, దానిలోని డబ్బును. అది మాత్రం ఈ పూటే చేయండి.

ముందుగా ఫోన్లో పీఎస్ యాప్ తెరిచి, మీరు ఊళ్ళో ఉన్న రోజుల్లో మీ ఐడీ మీద ఏదైనా ఆట నడిచిందా, ట్రోఫీ వచ్చిందా, ఏమైనా కొన్నారా చూడండి. ఉంటే తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. దొంగతనం తర్వాత ఆ కన్సోల్ ఇంటర్నెట్‌కు తగిలిందని చెప్పడానికి మీ చేతికందే ఆధారం అదే. దీనికి ఐదు నిమిషాలకు మించి పెట్టకండి. వాలెట్‌లో డబ్బుంటే లాగిన్‌లో ఉన్న కన్సోల్ నుంచే ఖర్చుపెట్టేయొచ్చు.

తర్వాత బ్రౌజర్‌లో `playstation.com/acct/management` తెరిచి పాస్‌వర్డ్ మార్చండి. `Security` కింద `Sign Out on All Devices` నొక్కండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ లేకపోతే అక్కడే పెట్టుకోండి, సేవ్ చేసిన కార్డు తీసేయండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ ఇంకొకటి మిగిలుంటుంది. ఆ కన్సోల్‌లో `Console Sharing and Offline Play` ఆన్‌లో ఉంటే మీరు కొన్న డిజిటల్ ఆటలు అందులో వేరే యూజర్‌కూ నడుస్తాయి. అందుకే `Device Management`లోకి వెళ్ళి కన్సోళ్ళన్నిటినీ డీయాక్టివేట్ చేయండి. ఈ అవకాశం ఆరు నెలలకు ఒక్కసారే ఇస్తారు కాబట్టి, కన్సోల్ నిజంగా పోయిందని ఖాయమయ్యాకే వాడండి.

ఇక సీరియల్ నంబరు. కన్సోల్ చేతిలో ఉన్నప్పుడైతే వెనక వైపు, పెట్టె లేబుల్ మీద, `Settings > System > System Software > Console Information`లో కనబడేది. మీకిప్పుడు దారి కొన్న దుకాణమే. ఎలక్ట్రానిక్స్ దుకాణాలు చాలావరకు బిల్లు కొట్టేటప్పుడు సీరియల్ స్కాన్ చేస్తాయి. బిల్లు నంబరు, తేదీ, కొన్నప్పటి ఫోన్ నంబరు చెప్పి, సీరియల్ నంబరుతో బిల్లు కాపీ కావాలని మెయిల్ పెట్టండి. ఆన్‌లైన్‌లో కొన్నా అమ్మినవారిని ఇదే అడగండి. ఎప్పుడైనా వారంటీ రిపేరుకిస్తే ఆ జాబ్‌షీట్ మీదా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: CFIతో మొదలయ్యేది మోడల్ నంబరు, పెట్టె మీద బార్‌కోడ్ కింది 13 అంకెలు ఆ రకం పెట్టెలన్నిటికీ ఒకటే. ఈ రెండిట్లో ఏది సీరియల్ అనుకుని రాసినా, రేపు దొరికిన కన్సోల్ మీదేనని చూపించలేరు.

ఇంట్లో వైఫై రౌటర్‌ను రీసెట్ చేయకండి. దాని పేజీలోనో యాప్‌లోనో గతంలో కలిసిన పరికరాల జాబితాలో PS5 పేరు, పక్కనే మ్యాక్ అడ్రస్ ఉండొచ్చు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. మ్యాక్ అడ్రస్ ఇంటి నెట్‌వర్క్ దాటి బయటికి పోదు, దాంతో దొంగను వెతకలేరు. వస్తువు దొరికాక మీదేనని తేల్చడానికి పనికొస్తుంది.

పోలీసుల సంగతికొస్తే, పిటిషన్ రసీదు ఎఫ్‌ఐఆర్ కాదు. వస్తువు పోగొట్టుకున్నట్టు ఆన్‌లైన్‌లో తీసుకునే లాస్ట్ రిపోర్టూ ఎఫ్‌ఐఆర్ కాదు, దాని మీద దర్యాప్తు ఉండదు. మీది ఇంటి తాళం పగలగొట్టి చేసిన దొంగతనం. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 305 (నివాసంలో దొంగతనం), 331 (ఇల్లు పగలగొట్టి చొరబడటం) వర్తిస్తాయి. ఎఫ్‌ఐఆర్‌లో 303(2), అంటే మామూలు దొంగతనం, ఒక్కటే రాస్తే క్లెయిమ్ దగ్గర అడ్డం పడుతుంది. కాబట్టి ఫిర్యాదులోనే “బయట గడియకు వేసిన తాళం పగలగొట్టి లోపలికి వచ్చి” అని స్పష్టంగా రాయండి. వస్తువులు విడివిడిగా రాయండి: పీఎస్5 స్లిమ్ డిస్క్ ఎడిషన్, కొన్న తేదీ, ధర, సీరియల్, కంట్రోలర్, రంగు, ధర. మీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఆన్‌లైన్ ఐడీ, లాగిన్ మెయిల్ కూడా రాసి, లాగిన్ ఐపీ వివరాల కోసం సోనీ కంపెనీకి నోటీసు ఇవ్వమని కోరండి. ఆ వివరాలు మీరు అడిగితే ఇవ్వరు. దర్యాప్తు అధికారి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 94 కింద అడగవచ్చు.

సీరియల్ ఇంకా రాలేదని ఫిర్యాదు ఆపకండి. వచ్చాక అదనపు వాంగ్మూలంగా చేర్పించి, ఇచ్చిన కాగితం మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173(2) చెబుతోంది. కేసు కట్టకపోతే 173(4) కింద ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. మీ మియాపూర్ కమిషనరేట్ పరిధి కాబట్టి డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టు చేయండి.

ఇన్సూరెన్స్‌లో ముందు పాలసీ పేరు చూడండి. భారత్ గృహ రక్ష అయితే అది అగ్నిప్రమాదం, వరద లాంటివాటికి ఇచ్చే పాలసీ. దొంగతనానికి వర్తించేది అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, దాని వల్లే జరిగితేనే. మీకు డబ్బు రావాలంటే విడిగా బర్గ్లరీ కవర్ తీసుకుని ఉండాలి. అందులోనూ సాధారణంగా “బలప్రయోగంతో లోపలికి చొరబడి” అనే షరతు ఉంటుంది. పాలసీలో ఆ మాట ఉంటే దాన్ని ఉన్నది ఉన్నట్టే చదవాలని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. పగిలిన తాళం, క్లూస్ టీమ్ ఫొటోలు, పంచనామా, 331 సెక్షన్ మీకు ముఖ్యమయ్యేది ఇక్కడే. ఇల్లు వరుసగా ఎన్ని రోజులు ఖాళీగా ఉండొచ్చో కూడా షరతుల్లో చూడండి.

దొంగతనం సమాచారం ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ రోజే మెయిల్లో ఇచ్చేయండి, ఎఫ్‌ఐఆర్ తర్వాత జతచేయొచ్చు. బిల్లు మొత్తం వస్తుందని లెక్కేసుకోకండి. మార్కెట్ విలువ ఇచ్చే పాలసీ అయితే, 54,990కి కొన్నదానికి సర్వేయర్ 20 శాతం తరుగు తీస్తే మిగిలేది 43,992, అందులోంచి ఎక్సెస్, అంటే పాలసీ ప్రకారం మీరే భరించాల్సిన భాగం, కూడా పోతుంది. చివరి చెల్లింపుకు ముందు, దొంగ దొరకలేదని పోలీసులు ఇచ్చే ఫైనల్ రిపోర్టు అడుగుతారు. దానికి నెలలు పట్టొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలపాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 193(3) అంటోంది, అది గుర్తుచేస్తూ రాతపూర్వకంగా అడగండి.

ఈలోగా సికింద్రాబాద్‌లోని సీటీసీ లాంటి చోట్ల గేమింగ్ దుకాణాలవాళ్ళకు సీరియల్ ఇచ్చి ఉంచండి. ఆన్‌లైన్ అమ్మకాల్లో మీదే అనిపించే ప్రకటన కనబడితే బేరమాడటానికి మీరు వెళ్ళకండి, స్క్రీన్‌షాట్ తీసి దర్యాప్తు అధికారికి పంపండి. కన్సోల్ దొరికితే స్టేషన్లో చేతికివ్వరు. బిల్లుతో మేజిస్ట్రేటు కోర్టులో తాత్కాలిక కస్టడీ పిటిషన్ వేయాలి. అప్పటికే క్లెయిమ్ డబ్బు అందుకుని ఉంటే ఆ పిటిషన్ వేసే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి, ఎందుకంటే ఆ వస్తువు మీద హక్కు అప్పటికి వాళ్ళది.