తలా ఒక మాట చెబితే ఏది మార్చాలి?

"నా కార్డు ఆటని, రూల్స్ కాగితంతో సహా, మూడు గుంపులకి ఇచ్చాను. నేను పక్కన లేను. ఒకరు ఆట ఎంతకీ తెమలట్లేదన్నారు, ఒకరు దాడి కార్డులు పెంచమన్నారు, ఇంకొకరు అంతా అదృష్టమే అన్నారు. ఏది మార్చాలి?"

ఇంకా ఏదీ మార్చకండి. దాడి కార్డులు పెంచమనడం వాళ్లకి తోచిన మందు. మీకు కావాల్సింది జబ్బు ఎక్కడుందో. ప్రతి గుంపునీ రెండే అడగండి: విసుగు ఏ వంతులో మొదలైంది, అప్పుడు చేతిలో ఎన్ని కార్డులున్నాయి? బల్ల వీడియో ఉంటే మరీ మంచిది. రూల్స్ కాగితం మళ్లీ తెరిచిన ప్రతి చోటూ రాసుకోండి.

నా ఆటలోనూ ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. "వంతు చివర 5 కార్డులు ఉండేలా తీసుకోండి" అని రాశాను. రెండు గుంపులు ప్రతిసారీ 5 కార్డులు తీశాయి. చేతిలో పది చేరాక ఆలోచన పెరిగింది, ఆట ఎంతకీ తెమల్లేదు. అందరి దగ్గరా దాడిని ఆపే కార్డులు ఉండటంతో దాడి ఏదీ తగల్లేదు. రెండు ఫిర్యాదులకీ మూలం ఆ ఒక్క వాక్యమే. "5 అయ్యేవరకే తీయండి, ఇప్పటికే 5 ఉంటే తీయొద్దు" అని మార్చి, కింద ఒక ఉదాహరణ వేశాను.

రూల్ సరిగ్గా చదివిన మూడో గుంపు మాత్రం అదృష్టమే అంది. అది నిజంగా డిజైన్ లోపం. దానికి తీసిన కార్డుల్లో ఒకటి వెనక్కి పెట్టే అవకాశం ఇచ్చాను, కానీ తర్వాతి టెస్టులో. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మళ్లీ టెస్టుకి కొత్తవాళ్లనే పిలవండి. పాతవాళ్లకి రూల్స్ గుర్తుంటాయి, కాగితం చదవరు.