అడ్వాన్సును ఆఖరి నెలల అద్దెలో సర్దుకోవచ్చా?

ప్రశ్న: మూడు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చాం. ఇంకో మూడు నెలల్లో ఇల్లు ఖాళీ చేస్తాం. ఆ డబ్బు తర్వాత చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. అద్దెలో సర్దుకోమంటే యజమాని ఒప్పుకోవడం లేదు. కట్టడం మానేస్తే సరిపోతుందా?

జవాబు: మానేయకండి. ఆయన ఒప్పుకోకుండా మీరు ఆపిన ప్రతి నెలా బాకీ కిందే లెక్క. ఆలస్య రుసుము, ఖాళీ చేయమనే నోటీసు వంటి షరతులు అగ్రిమెంటులో ఉంటే అవి మీ మీదికే వస్తాయి.

ఆయన భయంలోనూ అర్థం ఉంది. ఆఖరి కరెంటు బిల్లు మీరు వెళ్లాకే వస్తుంది. మంచం జరిపాక కనిపించే గోడ చెమ్మ, విరిగిన కుళాయి సంగతి తాళాలు అప్పగించిన రోజున గానీ తెలియదు. మూడు నెలలూ సర్దేస్తే అప్పటికి ఆయన చేతిలో ఏమీ మిగలదు.

కాబట్టి మూడూ అడగకుండా రెండే అడగండి. మొదటి నెల అద్దె మామూలుగా కట్టండి, చివరి రెండు నెలలవి సర్దుకోమనండి. ఒక నెల అద్దె ఆయన దగ్గర ఉంటుంది. బిల్లులు, మరమ్మతులు కలిపి అర నెల అద్దె అయిందనుకుందాం. అది పట్టుకుని మిగతా సగం మీకు ఇస్తారు. ఆయన మొండికేసినా చిక్కుకునేది మూడు నెలల డబ్బు కాదు, ఒక్క నెలది. పైగా కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాల్సిన సమయానికే రెండు నెలల అద్దె మీ చేతిలో మిగులుతుంది. నన్నడిగితే అసలు లాభం ఇదే. అడ్వాన్సు మీద పోయే వడ్డీ గురించి చాలామంది అనవసరంగా బాధపడతారు.

మొదటి రెండు నెలలనే సర్దమని మాత్రం అడగకండి. కొత్త ఇల్లు కుదరక మీరు ఆగిపోతే, తగ్గిన అడ్వాన్సును మళ్లీ పూర్తి చేయమంటారు.

మాట కుదిరాక ఒక కాగితం రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. ఖాళీ చేసే తేదీ, సర్దుబాటయ్యే రెండు నెలల పేర్లు, ఆయన దగ్గర మిగిలే మొత్తం, దాన్ని ఎన్ని రోజుల్లో ఇస్తారన్నది అందులో ఉండాలి. ఆ రెండు నెలలకూ ‘అడ్వాన్సు నుంచి సర్దుబాటు’ అని రాసిన రసీదులు తీసుకోండి. అవి లేకపోతే రేపు ఆ నెలలే బాకీగా కనిపిస్తాయి.

దీనికీ ఒప్పుకోకపోతే అద్దె చివరిదాకా కట్టండి. ఖాళీ చేయడానికి వారం ముందు ఆయనతో కలిసి గదులన్నీ చూసి, పాడైనవి ఏమిటో, వాటికి ఎంత పట్టుకుంటారో అప్పుడే రాయించుకోండి. చిన్న మరమ్మతులు చేయించడానికి మీకు ఆ వారం సరిపోతుంది. వెళ్లే రోజున మీటరు రీడింగును ఫోటో తీసుకుని, తాళాలు అందినట్టు ఆయన సంతకం పెట్టాకే ఇవ్వండి.