ఆ కాగితం మీద స్కేలు ఎక్కడ ఆనించి కొలిచారో అడగండి

"పురుషాంగం పెరగడానికి మాత్రలు, సాగదీసే పరికరాలు, ఆపరేషన్ అంటూ చాలా చెబుతున్నారు. వీటివల్ల నిజంగా ఎవరికైనా ఫలితం వచ్చిందా? ఒక క్లినిక్‌లో ఆపరేషన్‌తో మూడు సెంటీమీటర్లు పెరుగుతుందని ఒకరి కొలతల కాగితం చూపించారు. నా వయసు 27. అడ్వాన్సు కట్టమంటారా?"

కట్టవద్దు. నేను యూరాలజీ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇలాంటి ఆపరేషన్లు ఎక్కడో చేయించుకుని, తేడా వచ్చాక మా దగ్గరికి వచ్చినవాళ్లకు కట్లు మార్చే పని నాదే. బాగున్నవాళ్లు ఆసుపత్రికి రారు కదా, మీకు చెడిపోయినవే కనిపిస్తాయి అని ఎవరైనా అనవచ్చు. అననివ్వండి. వాళ్లు వెంట తెచ్చుకునే కాగితాలు చూశాక నాకు అర్థమైనది ఒక్కటే. ఈ వ్యాపారంలో చూపించే సెంటీమీటర్లలో ఎక్కువ భాగం కొలిచే పద్ధతిలోంచే పుట్టుకొస్తాయి.

ఎలాగో చెబుతాను. అంగం మొదలు దగ్గర, పొత్తికడుపు కింద చర్మానికీ ఎముకకూ మధ్య కొవ్వు దిండులా ఉంటుంది. స్కేలును చర్మం మీద తేలికగా ఆనించి కొలిస్తే ఒక అంకె వస్తుంది. అదే స్కేలును కొవ్వులోకి ఎముక తగిలేదాకా నొక్కితే ఇంకో అంకె వస్తుంది. కాస్త బొద్దుగా ఉన్న మనిషిలో ఈ తేడా రెండు మూడు సెంటీమీటర్ల వరకూ ఉండవచ్చు. చలిలో, భయంలో అంగం ముడుచుకుపోతుంది కాబట్టి మెత్తగా ఉన్నప్పటి కొలత గంట గంటకూ మారుతుంది. అందుకే యూరాలజిస్టులు అంగాన్ని మెల్లగా పూర్తిగా సాగదీసి, స్కేలును ఎముకకు నొక్కి కొలుస్తారు. ఆ కొలత స్తంభించినప్పటి పొడవుకు దగ్గరగా ఉంటుంది, రేపు కొలిచినా పెద్దగా మారదు.

ఇప్పుడు నేను చూసిన ఒక మనిషి సంగతి. ముప్పై దాటాయి, పెళ్లైంది. పరీక్ష గదిలోకి రాగానే ప్లాస్టిక్ కవరులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. మొదటిది ఆపరేషన్ చేసిన క్లినిక్ ఇచ్చినది. అందులో ఆపరేషన్‌కు ముందు 7.5 సెంటీమీటర్లు, తరువాత 10.5 అని ఉంది. మూడు సెంటీమీటర్ల లాభం, కింద సంతకం, ముద్ర. రెండోది అంతకు ముందెప్పుడో వేరే యూరాలజిస్టు రాసిన చీటీ. సాగదీసి, ఎముకకు నొక్కి కొలిచిన పొడవు 13.5 అనీ, అంతా మామూలుగానే ఉందనీ, ఏమీ అవసరం లేదనీ ఆయన రాశారు. మా డాక్టరుగారు అదే పద్ధతిలో మళ్లీ కొలిచారు. 12.5 వచ్చింది. మూడు పెరిగిందని కాగితం చెబుతుంటే మనిషి ఒక సెంటీమీటరు తగ్గి ఉన్నాడు.

క్లినిక్ వాళ్లు ముందు కొలతను మెత్తగా ఉన్నప్పుడు, స్కేలును చర్మం మీద ఆనించి తీశారు. తరువాతి కొలతకు ఎముక దాకా నొక్కి, కొద్దిగా లాగి పట్టుకున్నారు. ఈ వివరాలు అతనే చెప్పాడు. రెండోసారి స్కేలు గుచ్చుకుని నొప్పి పెట్టిందట, కుట్లు పచ్చిగా ఉన్నందువల్లేమో అనుకున్నాడట. మీకు చూపించిన కాగితంలో ఏ పద్ధతి వాడారో నాకు తెలియదు. అడగండి. రెండు కొలతలూ ఒకే రకంగా తీశారా, స్తంభించినప్పుడు ఎంత ఉంది అని. ఆ రెండో ప్రశ్నకు జవాబు రాకపోతే అక్కడితో లేచి వచ్చేయవచ్చు.

స్తంభించినప్పటి పొడవు ఎందుకు అడగాలంటే, ఈ ఆపరేషన్‌లో అంగంలోని స్తంభన కణజాలానికి ఒక్క మిల్లీమీటరు కూడా కలవదు. రక్తం నిండి గట్టిపడే రెండు గొట్టాలు ఎంత ఉన్నాయో అంతే ఉంటాయి. వాటిని జఘనాస్థికి కట్టి నిలబెట్టే సస్పెన్సరీ లిగమెంటును కోస్తారు. అది తెగాక, ఎముక కింద లోపల దాగి ఉన్న భాగం కొంత ముందుకు జారి, మెత్తగా ఉన్నప్పుడు అంగం ఎక్కువ వేలాడుతుంది. చూపుకు పెరిగినట్టు ఉంటుంది. 2006లో లండన్ వైద్యులు ఈ ఆపరేషన్ చేయించుకున్న 42 మంది వివరాలు ప్రచురించారు. సాగదీసినప్పటి పొడవులో సగటు లాభం 1.3 సెంటీమీటర్లు. తృప్తి పడినవాళ్లు మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. అది అనుభవం ఉన్నవాళ్లు చేసిన లెక్క.

ఆ లిగమెంటు ఊరికే ఉన్నది కాదు. స్తంభించినప్పుడు అంగం పైకి నిలబడి, పక్కలకు ఊగకుండా ఉండేది దానివల్లే. అతను మా డాక్టరుగారితో మొదట చెప్పిన బాధ పొడవు గురించి కాదు. గట్టిపడ్డాక అంగం కిందికి చూస్తోంది, కలయికలో పక్కకు తిరిగిపోతోంది, ప్రతిసారీ చేత్తో పట్టుకోవలసి వస్తోంది. భార్య నొప్పి పుట్టిందా అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదన్నాడు. చాలాసేపు నేల వైపే చూస్తూ మాట్లాడాడు.

మరి పొడవు తగ్గడానికి కారణం? లిగమెంటు కోసినచోట ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని దేనితోనైనా నింపాలి, ఆ తరువాత నెలల తరబడి రోజూ సాగదీసే పరికరం పెట్టుకోవాలి. లేకపోతే ఆ ఖాళీలో మచ్చ కణజాలం పెరిగి, గాయం మానుతూ ముడుచుకున్నట్టే ముడుచుకుని, అంగాన్ని తిరిగి ఎముక వైపు లాగేస్తుంది. కొన్నిసార్లు మొదటి కంటే దగ్గరగా అంటుకుంటుంది. అతనికి ఖాళీని నింపలేదు, పరికరం సంగతి చెప్పలేదు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని పనికి వెళ్లమన్నారు. నాకు అన్నింటికన్నా కోపం తెప్పించేది ఇదే. కోయడం చిన్న పని, ఫలితాన్ని నిలబెట్టేది తరువాతి నెలల కష్టం. ఆ కష్టం ముందే చెబితే సగం మంది వెనక్కి తగ్గుతారని చెప్పరు.

ఇంకో రెండు సంగతులు. పొడవుగా కనిపించడానికి పొత్తికడుపు చర్మాన్ని వి ఆకారంలో కోసి వై ఆకారంలో కుట్టారు. దాంతో వెంట్రుకలున్న చర్మం అంగం మీదికి జరిగింది, అంగం మొదలు దగ్గర దళసరి మచ్చ మిగిలింది. లావు కోసమని పొట్టలోని కొవ్వు తీసి చర్మం కింద ఎక్కించారు. అలా ఎక్కించిన కొవ్వులో చాలా భాగం కొన్ని నెలల్లో శరీరంలో కరిగిపోతుంది. కరిగేది అన్నిచోట్లా సమానంగా కరగదు. అతనికి ఒకవైపు చదునుగా, మరోవైపు వేలికి తగిలే గట్టి గడ్డలుగా మిగిలింది. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ ఈ రెండు పద్ధతులూ, అంటే లిగమెంటు కోయడం, కొవ్వు ఎక్కించడం, సురక్షితమని గానీ పనిచేస్తాయని గానీ రుజువు కాలేదని అధికారికంగా చెప్పింది. 2017లో స్వీడన్ వైద్యులు ఒక మరణం గురించి ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 30 ఏళ్ల మనిషికి పొడవు పెంచే ఆపరేషన్ చేసి, వెంటనే లావు కోసం కొవ్వు ఎక్కిస్తుండగా గుండె ఆగింది. కొవ్వు కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లాయి.

అతనికి మా దగ్గర మళ్లీ ఆపరేషన్ చేశారు. మచ్చను విడదీసి, ఆ ఖాళీలో పక్కనున్న కొవ్వు పొరను మడిచి పెట్టి, తరువాత నెలల తరబడి పరికరం వాడించారు. పొడవు కొంత తిరిగి వచ్చింది. ఊగడం తగ్గలేదు. తెగిన లిగమెంటును పాత స్థితికి తేవడం కష్టం.

పరికరాల గురించి అడిగారు కాబట్టి అదీ చెబుతాను. ఈ మొత్తం సరుకులో కాస్తో కూస్తో ఫలితం చూపించినది అంగాన్ని గంటల తరబడి సాగదీసి ఉంచే ఎక్స్‌టెండరు ఒక్కటే. 2009లో ఇటలీ వైద్యుల చిన్న అధ్యయనంలో రోజుకు కనీసం నాలుగు గంటల చొప్పున ఆరు నెలలు వాడినవాళ్లకు సాగదీసినప్పటి పొడవు సగటున 1.7 సెంటీమీటర్లు పెరిగింది. లావు పెరగలేదు. రోజుకు నాలుగు గంటలు, ఆరు నెలలు అన్న మాట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఎవరూ వేయరు. ఓపిక లేనివాళ్లు పట్టీని బిగించి, రాత్రంతా ఉంచుకుని నిద్రపోతారు. అంగం తల కింద చర్మం పుండుపడుతుంది, తిమ్మిరి వస్తుంది. చల్లబడినా, నీలంగా మారినా, స్పర్శ తగ్గినా ఆ క్షణమే తీసేయాలి. అంగం వంకర తిరిగే పెరోనీ వ్యాధిలో వైద్యులు ఇదే పరికరాన్ని పర్యవేక్షణలో వాడిస్తారు, అది వేరే విషయం. వాక్యూమ్ పంపులు స్తంభన రానివాళ్లకు పనికొస్తాయి గానీ పొడవు పెంచవు. ఎక్కువ ఒత్తిడి పెడితే చర్మం కింద సన్నని నాళాలు చిట్లి ఎర్రటి చుక్కలు, కమిలిన మచ్చలు, బొబ్బలు వస్తాయి.

మాత్రలతో పొడవు పెరగదు. పెరిగినట్టు అనిపించడానికి ఒక కారణం ఉంది. మూలికల మాత్రలని అమ్మిన వాటిలో స్తంభన కోసం వైద్యులు రాసే సిల్డెనాఫిల్ అనే మందు లేబులు మీద రాయకుండా కలిపి ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. స్తంభన గట్టిగా వస్తే మనిషి అంగం పెరిగిందనుకుంటాడు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు తెలియక ఇవి మింగితే రక్తపోటు ప్రాణాపాయం వచ్చేంత పడిపోతుంది. మూలిక అన్న మాటకు మనవాళ్లు ఇచ్చే మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోపల ఏముందో చెప్పని మాత్రను ప్రకృతి సహజం అని నమ్మడమేమిటి?

అసలు మీకు ఇది అవసరమా అన్నది మీ ప్రశ్నలో లేదు, అయినా అడుగుతున్నాను. మిమ్మల్ని ఎవరైనా కొలిచారా? 2015లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష వేర్వేరు అధ్యయనాల నుంచి 15,000 మందికి పైగా కొలతలు పోగుచేసింది. స్తంభించినప్పటి సగటు 13.12 సెంటీమీటర్లు. పెద్దవాళ్లలో సాగదీసినప్పుడు సుమారు 7.5 కంటే తక్కువ ఉంటేనే వైద్యులు చిన్నదని అంటారు, అలాంటివాళ్లు చాలా అరుదు. 2002లో అంగం చిన్నదని ఇటలీలో వైద్యుల దగ్గరికి వచ్చిన 67 మందిని కొలిస్తే అందరూ మామూలు పరిధిలోనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మామూలు పొడవంటే అంతకంటే చాలా ఎక్కువని అనుకుంటున్నారు.

కాబట్టి ఆపరేషన్ అమ్మని యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, సాగదీసి ఎముకకు నొక్కి కొలిచి అంకెను రాసి ఇమ్మనండి. స్తంభన సరిగా రాకపోవడమే మీ అసలు బాధ అయితే అది చెప్పండి. దానికి మధుమేహం, రక్తపోటు, వాడుతున్న మందులు చూస్తారు. పొత్తికడుపు కింద కొవ్వు ఎక్కువగా ఉంటే బరువు తగ్గినకొద్దీ లోపల దాగిన పొడవు బయటికి కనిపిస్తుంది. ఇప్పటికే ఎక్కడైనా ఆపరేషన్ గానీ ఇంజెక్షన్ గానీ చేయించుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, చర్మం నల్లబడినా, ఊపిరి ఆడకపోయినా చేసిన క్లినిక్‌కు ఫోను చేస్తూ కూర్చోవద్దు. నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, ఏం ఎక్కించారో దాచకుండా చెప్పండి.