కారం ట్రయల్ ఆర్డర్‌కి అడ్వాన్స్ వేసే ముందు

చిన్నీ,

ఆదివారం నువ్వు ఫోన్ చేసి, "పెదనాన్నా, గుంటూరు మిల్లు వాళ్లు రిపోర్ట్ పంపారు, అన్నీ పాస్ అయ్యాయి, 200 కిలోలకి అడ్వాన్స్ వేసేయనా" అంటే ఆగమన్నాను కదా. ఎందుకు ఆగమన్నానో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ రాత్రే నువ్వు పంపిన పీడీఎఫ్ తీసి చదివాను, అది చూపిస్తూనే చెబుతాను, నీకు సులువుగా ఉంటుంది.

మొదట తేదీ చూడు. ఆ రిపోర్ట్ వచ్చి పదకొండు నెలలైంది. అంటే అది నిరుటి కాయతో ఆడిన కారం. నీకు రేపు వచ్చేది ఈ సీజన్ కాయో, కోల్డ్ స్టోరేజీలో మిగిలిన పాత కాయో ఎవరికి తెలుసు? రెండోది, బ్యాచ్ నంబరు ఉండాల్సిన చోట చిన్న గీత ఉంది. బ్యాచ్ నంబరు లేని రిపోర్ట్ ఏ సరుకుకైనా అతికించుకోవచ్చు. మూడోది, శాంపిల్ ఎవరు తీశారు అన్న చోట 'కస్టమర్ ఇచ్చినది' అని ఉంది. అది తప్పేం కాదు, చాలా రిపోర్టుల్లో అలాగే ఉంటుంది, కానీ దాని అర్థం మాత్రం తెలుసుకో. మిల్లాయన పావుకిలో పొడి కవర్లో పెట్టి ల్యాబ్‌కి పంపాడు, ల్యాబ్ వాళ్లు ఆ పావుకిలో గురించి మాత్రమే మాట్లాడుతున్నారు. గోడౌన్‌లో ఉన్న బస్తాల గురించి వాళ్లు ఒక్క మాటా చెప్పలేదు. కిందే చిన్న అక్షరాల్లో ఆ మాట రాసి కూడా ఉంది, చూడు.

అన్నిటికంటే నాకు నచ్చనిది వేరే ఉంది. ఆ రిపోర్టులో తేమ, బూడిద, పీచు, అంతే. నీకు అసలు భయం ఉండాల్సిన రెండూ అందులో లేనే లేవు, ఒకటి సుడాన్ రంగులు, రెండు అఫ్లాటాక్సిన్. పరీక్షే చేయని దాంట్లో పాస్ ఎక్కడిది తల్లీ?

సుడాన్ అంటే మైనాలకీ బూట్ల పాలిష్‌కీ వాడే రంగు, తిండిలో వేయకూడదు. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన కారంలో సుడాన్-1 దొరికితే వందల రకాల ఆహార పదార్థాలు షాపుల్లోంచి వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ ఎందుకు కలుపుతారో చెప్పనా? తాలు కాయ. రంగు పోయి తెల్లబడిన కాయ యార్డులో మంచి కాయకంటే చాలా తక్కువకి దొరుకుతుంది, దాన్ని ఎక్కువ కలిపి ఆడితే పొడి పాలిపోతుంది, ఆ పాలిపోవడం కప్పడానికి రంగు. అందుకే ధర మరీ తక్కువ చెప్పి, పొడి మాత్రం కుంకుమలా ఎర్రగా పంపితే నాకు అనుమానం వస్తుంది. అఫ్లాటాక్సిన్ సంగతి వేరు, అది ఎవరూ కలిపేది కాదు. కల్లంలో ఆరబెట్టిన కాయ వానకి తడిసినా, సరిగ్గా ఎండకుండా బస్తాకెక్కినా బూజు పడుతుంది, ఆ బూజు వదిలే విషం అది. పొడి చేశాక కంటికీ ముక్కుకీ దొరకదు. మన దేశంలో మసాలా దినుసులకి మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకి 30 మైక్రోగ్రాములు దాటకూడదు, యూరప్‌లో మిరపకి 10 మాత్రమే.

ఆ 10 అనే అంకె దగ్గరే నేను దెబ్బతిన్నాను. ఒక మిల్లు ఇచ్చిన రిపోర్ట్ బ్రహ్మాండంగా ఉంది, బ్యాచ్ నంబరు కూడా ఉంది. తీరా కంటైనర్ యూరప్ పోర్టులో ఆగిపోయాక ఆరా తీస్తే, ఆయన దగ్గర రెండు లాట్లు ఉన్నాయట, ఒకటి వానకి ముందు కోసిన కాయ, రెండోది తడిసి ఆరినది. మొదటి లాట్ పొడి ల్యాబ్‌కెళ్లింది, రెండోది కలిసిన పొడి నా బస్తాల్లోకెళ్లింది. బస్తా మీద నంబరూ రిపోర్ట్ మీద నంబరూ నేను పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆ ఏడాది సంపాదనంతా అందులో పోయింది, అందుకే నీకు ఇంత విడమర్చి చెబుతున్నాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. "సర్టిఫికెట్లన్నీ పంపండి" అని అడగకు, అలా అడిగితే ఇరవై పేజీల ఫైలు వస్తుంది, పనికొచ్చేది అందులో ఉండదు. మిల్లాయనకి ఇలా పెట్టు: "అన్నగారూ, ట్రయల్‌కి 200 కిలోలు తీసుకుంటాను. నాకిచ్చే బ్యాచ్ నంబరు ముందే చెప్పండి. ఆ బ్యాచ్ మీదే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి తేమ, అఫ్లాటాక్సిన్, సుడాన్ రంగుల రిపోర్ట్ కావాలి. మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ కాపీ కూడా పంపండి. టెస్ట్ ఖర్చు నేను పెట్టుకుంటాను."

ఆ ఆఖరి వాక్యం వదిలేయకు. 200 కిలోలకి వేలు ఖర్చుపెట్టి టెస్ట్ చేయించే స్తోమత చిన్న మిల్లుకి ఉండదు, "ముందు ఆర్డర్ వేయండి, తర్వాత చూద్దాం" అంటే దొంగ అనుకోవద్దు. కానీ ఖర్చు నీదే అన్నాక కూడా బ్యాచ్ నంబరు చెప్పకుండా తిప్పుతుంటే ఆ మిల్లు వదిలెయ్.

లైసెన్స్ కాపీ వచ్చాక foscos.fssai.gov.in లో ఆ పద్నాలుగు అంకెల నంబరు కొట్టి చూడు. లైసెన్స్ ఇంకా నడుస్తోందా, అడ్రస్ నీకు చెప్పిన మిల్లుదేనా, అన్నిటికన్నా ముఖ్యంగా తయారీదారు అని ఉందా లేక రీప్యాకర్ అని ఉందా చూడు. రీప్యాకర్ అయితే పొడి ఎక్కడో ఆడించి ఇక్కడ కవర్లలో నింపుతున్నట్టు, అప్పుడు నువ్వడగాల్సిన మనిషి వేరే. ఐఎస్ఓ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి గోడకి పెడతారు, దాని మీద కూడా అడ్రసూ గడువు తేదీ చూసి పక్కన పెట్టు, అది ఆ మిల్లు పని చేసే పద్ధతి గురించి చెబుతుందే కానీ నీ బస్తా గురించి చెప్పదు.

రిపోర్ట్ విషయంలో మరో చిన్న కిటుకు. సుడాన్ ఎదురుగా 'దొరకలేదు' అని ఉంటే సంతోషపడిపోకు, పక్కనే ఎంత తక్కువ వరకు పట్టుకోగలరో ఆ అంకె ఉందా చూడు, ఎల్ఓక్యూ అంటారు. అది లేకపోతే అడుగు. ముతక పరికరానికి చాలానే దొరకవు. అలాగే రిపోర్ట్ మీద ఆ ఒక్క రిపోర్ట్‌కే ఇచ్చే యూఎల్ఆర్ నంబరు ఉంటుంది. అది పెట్టి ల్యాబ్‌కే ఫోన్ చేసి "ఈ రిపోర్ట్ మీదేనా, పేజీలెన్ని" అని అడుగు. పీడీఎఫ్‌లో అంకెలు మార్చడం పెద్ద పనేం కాదు.

శాంపిల్ మాత్రం వాళ్లని తీయనివ్వకు. ఒక రోజు వీలు చేసుకుని గుంటూరు రా, నేనూ వస్తాను. నీ కోసం ఆడి పెట్టిన బస్తాల్లో కొన్నిటి పైనా మధ్యలో అడుగునా తలా కాస్త తీసి, అంతా ఒకచోట కలిపి, మూడు కవర్లుగా కట్టి సీల్ వేసి, సీల్ మీద నువ్వూ మిల్లాయనా సంతకాలు పెట్టండి. ఒకటి ల్యాబ్‌కి, ఒకటి ఆయన దగ్గర, ఒకటి నీ దగ్గర. రేపు సరుకు వచ్చాక రంగు తేడాగా అనిపిస్తే పక్కన పెట్టి పోల్చడానికి నీకు అదే ఆధారం, గొడవొస్తే రెండోసారి ల్యాబ్‌కి పంపడానికీ అదే. ఆ కవర్ ఎండ తగలకుండా చల్లగా పెట్టు, లేకపోతే రెండు నెలల్లో దాని రంగే పోతుంది.

అడ్వాన్స్ అడిగితే కొంచెం ఇవ్వు, తప్పు లేదు, కానీ రిపోర్ట్ సరిగ్గా వస్తేనే మిగతా డబ్బు, రాకపోతే అడ్వాన్స్ వెనక్కి అని వాట్సాప్‌లోనైనా రాయించుకో. ల్యాబ్ రిపోర్ట్ రాగానే నాకు పంపు, మొదటి పేజీ ఫోటో కాదు, అన్ని పేజీలూ.

మీ పెదనాన్న