నలభై మందితో మ్యాచ్‌మేకింగ్: సగటు వెయిటింగ్ చూసి మోసపోవద్దు

ప్రశ్న: మా గేమ్‌లో మ్యాచ్ ఇద్దరి మధ్యే, దాదాపు 8 నిమిషాలు. రాత్రి 40 మంది ఉంటారు. సమాన రేటింగ్ వాళ్లనే కలిపితే వెయిటింగ్ పెరుగుతోంది, వదిలేస్తే కొత్తవాళ్లు పారిపోతున్నారు. ఏం చేయాలి?

ముందు క్యూలన్నీ కలిపి ఒకటే చేయండి. ర్యాంక్‌డ్, క్యాజువల్ అని మొదటి రోజే రెండు బటన్లు పెట్టడం చిన్న గేములకు పట్టిన జబ్బు. ఉన్న కాస్త జనం రెండు ముక్కలవుతారు.

40 మందీ వరసగా ఆడుతుంటే నిమిషానికి సుమారు ఐదుగురు క్యూలోకి వస్తారు. 1500 దగ్గరున్న ఆటగాడికి అటూ ఇటూ 100 పాయింట్లలో, ఆ ఐదుగురిలో ఇద్దరు దొరికారనుకుందాం. అరనిమిషంలో మ్యాచ్ పడుతుంది. అదే 1900 వాడి సంగతి చూడండి. అతని దరిదాపుల్లో ఉన్నది ఇద్దరే, వాళ్లలో ఒక్కొక్కరు 8 నిమిషాలకోసారి వస్తారు. అంటే నాలుగు నిమిషాల ఎదురుచూపు. సగటులో ఇది కనబడదు. అందుకే వెయిటింగ్‌ను రేటింగ్ శ్రేణుల వారీగా విడదీసి చూడాలి. మీ గేమ్‌ను అందరికంటే బాగా ఆడేవాళ్లే ముందు విసుగెత్తి వెళ్లిపోతారు.

దీనికి మందు, వేచిన కొద్దీ తేడాను సడలించడం:

```
window = min(100 + 5 * wait_sec, 400)
ok = abs(a.rating - b.rating) <= max(a.window, b.window)
```

ఇక్కడ `max` ముఖ్యం. `min` పెడితే ఇప్పుడే వచ్చినవాడి 100 పాయింట్ల గీతే లెక్కలోకి వస్తుంది, నిమిషం నుంచి కూర్చున్నవాడికి సడలింపు దక్కినట్టే ఉండదు. ఎలో రేటింగ్ లెక్కన 100 తేడాకు బలమైనవాడి గెలుపు అవకాశం 64 శాతం, 400 తేడాకు 91. అంత దూరం మ్యాచ్ పడినా రేటింగ్‌కు అన్యాయం జరగదు: ఒక్క మ్యాచ్‌లో రేటింగ్ ఎంతవరకు మారొచ్చో చెప్పే K 32 అయితే గెలిచిన బలవంతుడికి 3 పాయింట్లే వస్తాయి, ఓడితే 29 పోతాయి.

కొత్తవాళ్లకు మాత్రం ఇంత సడలింపు వద్దు. మొదటి పది మ్యాచ్‌లు ఇద్దరిలో ఎవరు కొత్తయినా 200 దాటనివ్వకండి. వాళ్లను 1500లో కాకుండా 1200లో మొదలుపెట్టండి. కొత్తవాడు సగటు ఆటగాడు కాడు, అలా అనుకుంటే వరసగా ఐదు ఓడి గేమ్ తీసేస్తాడు. నిజంగా బాగా ఆడేవాడైతే త్వరగా పైకి ఎక్కేలా, చదరంగంలో ఫిడే చేసినట్టు మొదటి 30 ఆటలకు K 40 పెట్టండి.

ఇక లాబీ. జత కుదిరాక ఇద్దరినీ 10 సెకన్లలో ‘రెడీ’ నొక్కమనండి. యాప్ మూసేసినా క్యూలో మిగిలిపోయినవాళ్లు అక్కడే బయటపడతారు. నొక్కనివాడిని క్యూలోంచి తీసేసి, నొక్కినవాడిని వెనక్కి పంపేటప్పుడు అతని పాత `queued_at` అలాగే ఉంచండి. చాలామంది ఇక్కడే కొత్త టైమ్ రాసేస్తారు. దాంతో సడలింపు మళ్లీ 100 నుంచి మొదలవుతుంది, తప్పేమీ లేనివాడు రెండోసారి వేచి చూడాలి. లాగ్‌లో ఒకే ఆటగాడికి, అతను క్యూ వదలకుండానే, మధ్యలో మ్యాచ్ లేకుండా `wait_sec` రెండుసార్లు సున్నాకు వస్తే, మీ గేమ్‌లోనూ ఈ తప్పు ఉన్నట్టే.