కోర్టు బయట లాయరు పని ఎలా ఉంటుంది?

ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీలో నాలుగో సంవత్సరం చదువుతున్నాను. వాదించడం మీద ఆసక్తి లేదు. కంపెనీల్లో లాయర్లు రోజూ చేసే పని ఏమిటి?

ఎక్కువగా చదవడమే. ఒక మందుల కంపెనీ, అట్టపెట్టెలు తయారుచేసే చిన్న పరిశ్రమతో ఒప్పందం చేసుకుంటోందనుకోండి. కొనుగోలు విభాగం పంపిన ముసాయిదాలో '90 రోజుల్లో చెల్లింపు' అని ఉంది. ఇద్దరూ ఒప్పుకున్నాక అభ్యంతరం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఆ పరిశ్రమ చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం నడిపే పోర్టల్ ఉద్యమ్‌లో నమోదై ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం 15వ సెక్షన్ ప్రకారం సరుకు స్వీకరించాక గడువు 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. కాబట్టి ముసాయిదా రాసేవారు గడువు మార్చి, ఉద్యమ్ ధ్రువపత్రాన్ని అనుబంధంగా జతచేయిస్తారు.

కంప్లయన్స్, అంటే చట్టాన్ని నిజంగా పాటిస్తున్నారో లేదో చూసే పని, ఆ తర్వాత మొదలవుతుంది. గోదాములో సరుకు స్వీకరించిన తేదీని ఎవరు నమోదు చేస్తున్నారు? అకౌంట్స్ వారు గడువును ఆ తేదీ నుంచే లెక్కిస్తున్నారా, బిల్లు తేదీ నుంచా? నా అనుభవంలో పొరపాటు దొరికేది ఇక్కడే. 45 రోజులు దాటిన బాకీలుంటే కంపెనీ ఆరునెలలకోసారి ఎంఎస్ఎంఈ-1 ఫారం కూడా దాఖలు చేయాలి.

ఒక్క జాగ్రత్త. బార్ కౌన్సిల్ 49వ నియమం ప్రకారం పూర్తికాల జీతం మీద పనిచేస్తూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. ఎన్‌రోల్ అయ్యాక ఉద్యోగంలో చేరితే ఆ విషయం బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు నిలిపివేయాలి.